కనకదుర్గ గంట పేపరు

కనకదుర్గ తన జీవితంలో పరీక్షలు రాసినది తక్కువ, దిద్దినది ఎక్కువ. తెనాలిలో ఓ జూనియర్ కాలేజీలో తొమ్మిదేళ్ళు లాజిక్ చెప్పింది. ఏటా ఎండలు ముదిరే వేళకి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళేది. ఫ్యాను కింద బల్లలు, బల్లల మీద కట్టలు కట్టలు జవాబు పత్రాలు, పక్కన మంచినీళ్ళ సీసా. చేతిలో ‘కీ’ ఉండేది. కీలో ఉన్నది పేపర్లో ఉంటే మార్కు, లేకపోతే లేదు. ఆవిడ ఎర్ర సిరా పెన్ను పట్టిందంటే పక్కవాళ్ళు టీకి వెళ్ళొచ్చేలోపు సగం కట్ట అయిపోయేది. అది ఆవిడకి గర్వం కూడా. ఆ గర్వంలో తప్పేమీ లేదు, నాలుగేళ్ళ తర్వాత ఇంగ్లండులో స్లౌ అనే ఊళ్ళో అది కాళ్ళకి అడ్డం పడింది, అంతే.

భర్త శేషగిరికి అక్కడి కంపెనీల పేట ట్రేడింగ్ ఎస్టేట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే ఇద్దరూ స్లౌ వచ్చారు. ఏడాది ఇంట్లో కూర్చుని రైళ్ళ చప్పుడు విన్నాక, 2002 సెప్టెంబరులో దగ్గర్లోని స్కూల్లో చేరింది. మతాల పాఠం చెప్పేవాళ్ళు దొరక్క వాళ్ళు, ఏదో ఒక క్లాసురూము దొరక్క ఈవిడ. హిందూమతం గురించి ఈవిడకి పుట్టుకతోనే అంతా వచ్చి ఉంటుందని వాళ్ళు నమ్మారు. నిజానికి ఈవిడకి వచ్చింది తర్కశాస్త్రం. ఉపనిషత్తులు కూడా స్లౌ లైబ్రరీలో ఇంగ్లీషులో చదివి చెప్పింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

చిక్కల్లా ఒకటే. బయటి దేశంలో చదివిన టీచరు ఇంగ్లండులో క్వాలిఫైడ్ హోదా లేకుండా నాలుగేళ్ళు మాత్రమే చెప్పొచ్చు. అది 2005 నవంబరు. వచ్చే జులైతో గడువు సరి. ఆలోగా హోదా రాకపోతే ఇంటికే. హోదా ఇవ్వాలా వద్దా అని తేల్చే పరీక్షాధికారి వచ్చే శుక్రవారం వస్తాడు. పాఠాలు ఇదివరకే చూసి సరే అన్నాడు. మిగిలింది ఒకటే: పిల్లలకి పరీక్ష పెట్టడం, దిద్దడం వచ్చునని రుజువు చూపించాలి.

అందుకని డిపార్టుమెంటు పెద్ద పాలీన్ ఆ డిసెంబరు మాక్ పరీక్ష పేపరు కనకదుర్గకి అప్పగించింది. పాలీన్ ఓ చర్చి పాదిరీ గారి కూతురు. ముప్ఫై ఏళ్ళుగా మతం చెబుతోంది, పెళ్ళిళ్ళకి తప్ప చర్చికి వెళ్ళదు.

“గంట పేపరు. మతాలు, నీతి. ఇయర్ లెవెన్ అందరికీ. పేపరు, మార్కింగ్ స్కీము రెండూ నువ్వే తయారు చెయ్యి. శుక్రవారం ఆయనకి అదే చూపిద్దాం,” అంది.

కనకదుర్గకి ఇంతకంటే తీపి కబురు లేదు. పేపరు చేయడం కూడా ఓ పనేనా. ఆదివారం పొద్దున్న పప్పు కుక్కర్లో పెట్టి, అది మూడు కూతలు కూసేలోపు ఎనిమిది ప్రశ్నలు రాసేసింది. ప్రశ్నకి పన్నెండు మార్కులు. పైన చక్కగా, తెనాలిలో రాసినట్టే, ‘ఏవైనా అయిదింటికి జవాబులు వ్రాయుడు’ అని ఇంగ్లీషులో పెట్టింది. అరవై మార్కులు, అరవై నిమిషాలు. వెనక కీ కూడా రాసింది.

సోమవారం పాలీన్ ఆ కాగితం చదివింది. పెన్సిలు తీసి ఒకటి, రెండు, నాలుగు, అయిదు, ఏడు ప్రశ్నలకి సున్నా చుట్టింది.

“నేనో పిల్లని. ఈ అయిదూ రాశాను. పవిత్ర గ్రంథాల్లో పెళ్ళి గురించి ఏముంది, ఇస్లాంలో జకాత్ దానం అంటే ఏంటి, ఇలాంటివి. బాగా బట్టీ పట్టాను, అరవైకి అరవై వచ్చాయి. ఇప్పుడు చెప్పు, నేను ఏ విషయం గురించైనా ఆలోచించినట్టు ఈ పేపర్లో ఎక్కడైనా ఉందా?”

కనకదుర్గ చూసింది. లేదు. అభిప్రాయం అడిగే ప్రశ్నలు మూడున్నాయి, ఆ మూడూ వదిలేసి హాయిగా గట్టెక్కొచ్చు. తొమ్మిదేళ్ళ లాజిక్ లెక్చరరు, తన పేపర్లో తనే దొడ్డిదారి పెట్టి దానికి బోర్డు కూడా కట్టింది. సిగ్గేసింది. సిగ్గుపడ్డాక నవ్వొచ్చింది. పాలీన్ కూడా నవ్వింది కాబట్టి ప్రాణం కుదుటపడింది.

రెండో పేపరుకి రెండు రోజులు పట్టింది. ఈసారి ఛాయిస్ లేదు. మూడు ప్రశ్నలు, మూడూ రాయాల్సిందే: చావు బతుకులు, పెళ్ళి, డబ్బూ పేదరికమూ. ఒక్కో ప్రశ్న ఇరవై మార్కులు, నాలుగు ముక్కలు. మొదటి ముక్క రెండు మార్కులు, ఒక మాటకి అర్థం. రెండోది నాలుగు, ఒక మతం ఏం చెబుతుందో గుర్తుపెట్టుకుని రాయడం. మూడోది ఎనిమిది, ఆ మతంవాళ్ళూ మరో మతంవాళ్ళూ తాము నమ్మేది ఎందుకు నమ్ముతారో వివరించడం. చివరిది ఆరు. అక్కడ ఒక వాక్యం ఉంటుంది, ‘నువ్వు ఒప్పుకుంటావా? కారణాలు చెప్పు. నీతో ఒప్పుకోనివాళ్ళ వైపు కూడా ఆలోచించినట్టు చూపించు. కనీసం ఒక మతాన్ని ప్రస్తావించు,’ అని అడుగుతుంది. తేలికవి ముందు, బరువైనవి తర్వాత, అందుకని మందకొడి పిల్లలు కూడా ప్రతి ప్రశ్నలోనూ నాలుగు అక్షరాలు పెట్టగలరు.

అసలు కష్టం మార్కింగ్ స్కీములో వచ్చింది. మొదటి రెండు ముక్కలకీ కీ చాలు, పాయింటుకో మార్కు. చివరి ముక్కకి కూడా ఈవిడ కీ రాసింది. ‘అన్ని మతాలూ మంచే చెబుతాయి, రెండు వైపులా నిజముంది’ అని ముగించినవాళ్ళకి పూర్తి మార్కులు. పాలీన్ ఆ లైను మీద పెన్సిలు పెట్టి గీత గీసింది.

“ఎక్కడికి చేరారన్నదానికి మార్కులు లేవు దుర్గా. ఎలా నడిచి చేరారన్నదానికే.”

దాంతో మూడు మెట్లు కట్టారు. ఒక అభిప్రాయం, దానికో చిన్న కారణం ఉంటే ఒకటి రెండు మార్కులు. ఒకే వైపు కారణాలు విప్పి చెబితే మూడు నాలుగు. రెండు వైపులా తూచి, మతం చెప్పేదాన్ని వాడి, తన తీర్పుకి ఆధారం చూపిస్తే అయిదు ఆరు. మతం ఊసే లేకపోతే ఎంత గొప్పగా రాసినా నాలుగు దాటదు. అన్నిటికంటే కింద కనకదుర్గ తన చేత్తో ఒక వాక్యం చేర్చింది: ‘దిద్దేవారు ఒప్పుకోని తీర్పుకి కూడా, ఆధారం ఉంటే, పూర్తి మార్కులు ఇవ్వాలి.’ రాసి మురిసిపోయింది కూడా.

తర్వాత పాలీన్ ఇంకో షరతు పెట్టింది: “పెన్ను పట్టుకుని నువ్వే రాయి, గడియారం పెట్టుకుని.” శేషగిరి వంటగది గోడ గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. అరవై నిమిషాలకి “టైమైపోయింది మేడమ్” అన్నాడు. ఇంకా మూడో ప్రశ్న సగంలో ఉంది.

“ఏవండీ, ఇంకో పది నిమిషాలు.”

“ఇన్విజిలేటర్ని బతిమాలితే డిబార్ చేస్తారు,” అన్నాడు శేషగిరి, పెన్ను లాక్కుంటూ.

తనకే సరిపోనిది పదహారేళ్ళ ఇయర్ లెవెన్ పిల్లలకి ఎలా సరిపోతుంది. రెండు మతాల వైపునుంచి వివరించమన్న చోట్ల ఒక మతం చాలని మార్చింది. బుధవారం మధ్యాహ్నం, ఈ కోర్సు కిందటేడు ముగించిన ఇయర్ ట్వెల్వ్ పిల్లలు ముగ్గురిని లైబ్రరీలో కూర్చోబెట్టి పేపరు రాయించారు. అసలు పిల్లలకి ముందే చూపిస్తే మాక్ మాక్ కాదు కదా. ముగ్గురూ గంటలోపే ముగించారు. ఒకమ్మాయి, మాగ్దా, నాలుగు నిమిషాలు మిగుల్చుకుంది. వాళ్ళ తాతల కాలంలో పోలండ్ నుంచి వచ్చి స్లౌలో స్థిరపడ్డ క్యాథలిక్ కుటుంబం వాళ్ళది. కనకదుర్గకి గుండెల మీదనుంచి బండ దించినట్టయింది. పేపరు గంటలో పట్టింది.

ఇక మిగిలింది దిద్దడం. ఇద్దరు టీచర్లూ విడివిడిగా, ఒకరి మార్కులు ఒకరు చూడకుండా, వేరే కాగితం మీద వేసుకోవాలి. తర్వాత పక్కపక్కన పెట్టి చూడాలి. స్కీము సరిగా ఉంటే ఎవరు దిద్దినా ఒకటి అటూ ఇటూగా అవే మార్కులు రావాలి. కనకదుర్గ పాత చెయ్యి పాతదే. ముగ్గురి పేపర్లూ టీ చల్లారేలోపు ముగించింది.

గురువారం పొద్దున్న రెండు కాగితాలూ బల్ల మీద పెట్టారు. ముప్ఫై ఆరు అంకెల్లో ముప్ఫై అయిదు కలిశాయి. ఒకటి కలవలేదు. మాగ్దా, మొదటి ప్రశ్న, చివరి ముక్క. పాలీన్ వేసింది ఆరు. కనకదుర్గ వేసింది రెండు.

పాలీన్ కళ్ళజోడు తీసి పెట్టింది. “ఇంత తేడా వచ్చిందంటే, మన స్కీము సరిగా లేకపోయి ఉండాలి, లేదా మనలో ఒకరు సరిగా చదవకపోయి ఉండాలి. స్కీముదే తప్పయితే మళ్ళీ రాసి, వేరే పిల్లల మీద మళ్ళీ పరీక్షించాలి. రేపటికి కాదు. ఆయన్ని ఇంకో రోజు రమ్మనాలి, ఆయన డైరీలో మార్చి దాకా ఖాళీ లేదన్నాడు. అప్పుడు కుదరకపోతే నీకిక జులై వచ్చేస్తుంది.” ఆవిడ మాగ్దా పేపరు ఈవిడ ముందుకి జరిపింది. “మూడో పీరియడు నీకు ఖాళీ. కూర్చుని చదువు. ఎందుకు రెండు వేశావో నాకు చెప్పు.”

కనకదుర్గ ఖాళీ క్లాసులో కిటికీ పక్కన కూర్చుంది. ఎందుకు రెండు వేసిందో తనకి చదవకుండానే తెలుసు. చదవడమే ఇష్టం లేదు.

ప్రశ్నలో వాక్యం ఇది: ‘నయం కాని జబ్బుతో బాధపడేవారికి యూథనేషియా, అంటే కారుణ్య మరణం, ఇవ్వడమే నిజమైన దయ.’ మాగ్దా మొదటి లైనులోనే ఒప్పుకోనంది. ప్రాణం దేవుడిది, తీసే హక్కు ఎవరికీ లేదంది. ‘కన్నవాళ్ళ ప్రాణం తీయాలని పిల్లలే నిర్ణయిస్తే, ప్రేమ పేరు పెట్టినా అది పాపమే,’ అని రాసింది. బుధవారం కనకదుర్గ కళ్ళు ఆ వాక్యం దగ్గర ఆగిపోయాయి. తర్వాత కాగితం తిప్పింది, వెనక ఇంకా ఏదో రాసుందని చూసింది, రెండు వేసి తర్వాతి పేపరుకి వెళ్ళిపోయింది.

రెండేళ్ళ కిందట కనకదుర్గ వాళ్ళ అమ్మ జయలక్ష్మి గుంటూరులో ఓ ఆస్పత్రిలో పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. మెదడు పని చేయడం లేదు, ఇక లాభం లేదు, తీసేయమంటారా అని డాక్టరు తమ్ముడు బాపురావుని అడిగాడు. వాడు పెద్దదని ఈవిడకి ఫోను చేశాడు. ఈవిడ స్లౌలో, ఇదే స్కూలు కారిడార్లో నిలబడి, “తీసేయమనరా” అంది. ఒక్కటే మాట. పాస్‌పోర్టు, వీసా కాగితాలు అప్పుడే పొడిగింపుకి పంపి ఉండటంతో వెళ్ళలేకపోయింది. సంతకం వాడు పెట్టాడు, మాట ఈవిడ ఇచ్చింది. ఆ తర్వాత ఫోన్లలో అక్కాతమ్ముళ్ళు వానలు, పంటలు, పిల్లల చదువులు మాట్లాడుకున్నారు. దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఎంత మంచివాళ్ళయినా కొన్ని విషయాల్లో మొండికేస్తారు, అందులో అక్కాతమ్ముళ్ళు ముందు.

కనకదుర్గ పేపరు దగ్గరికి లాక్కుంది. ఈసారి స్కీము పక్కన పెట్టుకుని, ప్రతి వాక్యం కింద వేలు పెట్టి చదివింది, స్కూల్లో చేరిన చిన్నపిల్లలా. మొదటి పేజీ అయింది. కాగితం తిప్పింది.

‘మరోవైపు, ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి,’ అని మొదలైంది వెనక పేజీ. ‘చనిపోవడానికి మందివ్వడం ఒకటి. ఇక పని చేయని వైద్యాన్ని ఆపడం ఇంకొకటి. రెండోది చంపడం కాదని మా చర్చి కూడా చెబుతుంది. బరువైన, ఫలితం లేని వైద్యాన్ని సాగదీయక్కర్లేదు, అప్పుడు మనిషిని చంపేది జబ్బే. హిందువుల్లో కూడా అహింస వల్ల యూథనేషియా వద్దనేవాళ్ళున్నారు, వచ్చే చావుని యంత్రాలతో ఆపడం సరికాదనేవాళ్ళూ ఉన్నారు. యూథనేషియా కావాలనేవాళ్ళు కూడా చెడ్డవాళ్ళు కాదు, బాధ చూడలేకే అడుగుతారు. అయినా దయ చూపించడానికి నొప్పి తగ్గించే దారులు, చివరి రోజుల్లో రోగుల్ని చూసుకునే హాస్పిస్‌లు ఉన్నాయి కాబట్టి నేను ఈ వాక్యాన్ని ఒప్పుకోను.’

కనకదుర్గ రెండోసారి చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు కనిపించలేదు. ఈ తేడా తనకి తెలియనిదా? మూడో ముక్క స్కీములో ‘క్యాథలిక్ బోధ: ఫలితం లేని వైద్యం కొనసాగించనక్కర్లేదు – ఒక పాయింటు’ అని తనే టైపు చేసింది. పాఠంలో బోర్డు మీద రాసింది. వందమంది పిల్లలకి నేర్పిన ఆ మాట తన విషయంలో తనకి ఒక్కసారీ తోచలేదు. క్లాసులో ఎవరూ లేరు కాబట్టి కాస్త గట్టిగానే ఏడ్చింది. ఏడుస్తూనే తేలికపడింది. రెండేళ్ళుగా భుజం మీద మోస్తున్న బస్తా ఎవరో వెనకనుంచి అందుకున్నట్టుంది. అందుకున్నది పదిహేడేళ్ళ పిల్ల, అదీ తనకి తెలియకుండానే, లైబ్రరీలో ఎనిమిది నిమిషాల్లో.

బెల్లు కొట్టాక ముఖం కడుక్కుని పాలీన్ దగ్గరికి వెళ్ళింది.

“స్కీము బాగానే ఉంది. ఆ స్కీము ప్రకారం ఇది ఆరే. నేను చదవలేదు. మా అమ్మ గుర్తొచ్చి సగంలో ఆగిపోయాను.” ఆ మాట బయటికి రాగానే కారిడార్ సంగతంతా చెప్పేసింది.

పాలీన్ విన్నది. సలహాలేమీ ఇవ్వలేదు. కేటిల్ ఆన్ చేసి, తర్వాత మెల్లగా అంది: “ఆ కాగితం మార్చి కొత్తది రాసుకోవచ్చు నువ్వు. రేపు ఆయనకి అన్నీ కలిసిన అంకెలే కనిపిస్తాయి. నేనేమీ అనను.”

కనకదుర్గ ఒక నిమిషం ఆలోచించిందనే చెప్పాలి. జులై, ఇంట్లో రైళ్ళ చప్పుడు, అన్నీ గుర్తొచ్చాయి. కానీ మార్కులు దిద్ది దాచడం ఆవిడ తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ చేయలేదు. రెండుని అడ్డంగా ఒక గీతతో కొట్టేసి, పక్కన ఆరు వేసి, కింద సంతకం పెట్టి తేదీ వేసింది.

శుక్రవారం వచ్చిన పరీక్షాధికారి పొట్టి మనిషి, తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక బల్ల కింద పెట్టుకున్నాడు. పేపరు చూశాడు, స్కీము చూశాడు, ఛాయిస్ ఉన్న పాత పేపరు కూడా అడిగి చూశాడు. మార్కుల కాగితం దగ్గర వేలు ఆగింది.

“ఈ రెండు ఆరెలా అయింది?”

కనకదుర్గ ఉన్నదున్నట్టు చెప్పింది. “జవాబులో పిల్ల తీర్పు నాకు గుచ్చుకుంది. ఇంట్లో జరిగిన ఓ చావు గుర్తొచ్చి, రెండో వైపు రాసినది చదవకుండానే మార్కు వేశాను. తర్వాత స్కీము పక్కన పెట్టుకుని మొత్తం చదివాను. రెండు వైపులా ఉన్నాయి, మతం ఉంది, తీర్పుకి ఆధారం ఉంది. అందుకని ఆరు.”

“మాక్‌లో రెండు వందల పేపర్లు దిద్దాలి మీరు. మళ్ళీ ఇలా జరగదని ఏంటి?”

“ఒక పిల్ల పేపరు మొత్తం ఒకేసారి దిద్దను. ఒక ప్రశ్న అందరిదీ దిద్ది, తర్వాత రెండోదానికి వెళ్తాను. చివరి ముక్కలో అవతలి వైపు ఎక్కడ మొదలైందో మార్జిన్‌లో గుర్తు పెట్టాకే అంకె వేస్తాను. ప్రతి పదింటిలో ఒకటి పాలీన్ చూస్తుంది.”

ఆయన చాలాసేపు రాసుకున్నాడు. ఆ రాసుకోవడం ఎంతసేపంటే కనకదుర్గ బల్ల మీద గీతలన్నీ లెక్కపెట్టేసింది. చివరికి తలెత్తి, “ఈ ఏడాది నేను చూసిన ఫైళ్ళలో అన్ని అంకెలూ కలిసినవే. మార్కు ఎందుకు తప్పిందో చెప్పగలిగింది మీరొక్కరే. హోదా ఇవ్వమని సిఫారసు చేస్తాను,” అన్నాడు. గొడుగు మర్చిపోయి బయటికి వెళ్ళి, మళ్ళీ వచ్చి తీసుకున్నాడు.

పాలీన్ తలుపు వెనకే నిలబడి ఉంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ సాయంత్రం శేషగిరి బయట తిందామన్నాడు. వద్దు, పడుకుంటానంది ఈవిడ. చాలా రోజుల తర్వాత మధ్యలో లేవకుండా పడుకుంది.

శనివారం పొద్దున్న తమ్ముడికి ఫోను చేసింది. తెనాలిలో మధ్యాహ్నం భోజనాల వేళ. బాపురావు ఉద్యోగం సంగతి విని సంతోషపడ్డాడు. వానల గురించి మొదలుపెట్టబోయాడు.

“ఒరేయ్ బాపూ, ఆగు. ఆ రోజు నువ్వు సంతకం పెట్టావు చూడు.”

అవతల కంచం పక్కకి జరిపిన చప్పుడైంది.

“మనం అమ్మని చంపలేదురా. పని చేయని వైద్యం ఆపాం. అది వేరు, ఇది వేరు. జబ్బు చంపింది.”

వాడు ముక్కు చీదుకున్నాడు. “రెండేళ్ళనుంచి ఎవరైనా ఈ మాటంటారేమోనని చూస్తున్నానక్కా. నువ్వే నన్ను తప్పు పట్టావనుకున్నా. ఎవరు చెప్పారు నీకు?”

“ఓ పిల్ల పరీక్షలో రాసింది,” అంది కనకదుర్గ. “మొదట రెండే మార్కులు వేశాన్రా దానికి.”